సమ్మయ్య ఎవరు?

తొమ్మిదో తరగతి బి సెక్షన్‌లో వేణు గొంతు విన్నవాళ్లు చాలా తక్కువ. హాజరు పిలిచినప్పుడు అతను చెయ్యి మాత్రం ఎత్తేవాడు, 'ప్రెజెంట్ మేడం' అనే మాట పక్కన కూర్చునే రాజు చెప్పేవాడు. పాఠం చదవమంటే వేణు లేచేవాడు, పుస్తకం తెరిచేవాడు, మొదటి అక్షరం దగ్గరే గొంతు పట్టేసేది. చదవడం రాక కాదు. అందరూ తనవైపు తిరిగారని తెలియగానే చెవులు వేడెక్కేవి, చదవాల్సిన వరుస కళ్ల ముందే ఎటో పోయేది. ఇంట్లో తమ్ముడి దగ్గర మాత్రం నోరు మూయడు. ఈ సంగతి బడిలో ఎవరికీ తెలియదు.

సంక్రాంతి సెలవులు అయిపోయాక తెలుగు చెప్పే స్వరూప మేడం స్టాఫ్‌రూం బయట ఒక అట్టపెట్టె పెట్టింది. ఫిబ్రవరి 21 మాతృభాషా దినోత్సవం నాటికి బడి పత్రిక తెస్తున్నామని, కథో కవితో పొడుపుకథో ఏది రాసినా అందులో వెయ్యమని చెప్పింది.

"పేరు రాయాల్నా మేడం?" అని ముందు బెంచీలోంచి ఎవరో అడిగారు.

"సొంత పేరే ఉండాలని లేదురా. కలం పేరు పెట్టుకోవచ్చు. మన కాళోజీ నారాయణరావు గారిని అందరం కాళోజీ అనే అంటం. సి. నారాయణరెడ్డి గారు సినారె అయిండ్రు. మీరూ పెట్టుకోండ్రి, ఎవలొద్దన్నరు?"

వేణు తల వంచుకునే విన్నాడు. కవిత అప్పటికే ఉంది. లెక్కల నోట్‌బుక్కు చివరి పేజీలో, సగం పెన్సిల్‌తో, సగం పెన్నుతో. లేనిది పేరే.

ఆ రాత్రి తమ్ముడు నిద్రపోయాక పేర్లు రాయడం మొదలుపెట్టాడు. ఓరుగల్లుకు పాత పేరు కదా అని మొదట 'ఏకశిల' అని రాశాడు. చదువుకుంటే తన నోటికే బరువుగా తోచింది. సినారె లెక్కన ఇంటిపేరు, పేరు కలిపి చూశాడు. బండారి వేణు కాబట్టి 'బవే' అయింది, కాస్త సాగదీస్తే 'బావే'. తెలిస్తే పదో తరగతి దాకా 'బావా బావా' అని ఏడిపిస్తారని గట్టిగా కొట్టేశాడు. 'కోటకవి' అన్నాడు. కోట చూడ్డానికి ఏడాదికోసారి పోయేవాడికి ఆ పేరెందుకని అదీ తీసేశాడు. ఏ పేరు పెట్టినా ఇది దొంగ పేరు, లోపల ఎవరో దాక్కున్నారు అని అరిచినట్టే ఉంది.

గూట్లో అమ్మ మహిళా సంఘం పాస్‌బుక్కు కనిపించింది. బండారి సమ్మక్క. మేడారంలో అమ్మమ్మ మొక్కుకుంటే పుట్టిందని ఆ పేరు పెట్టారట. వరంగల్‌లో ఏ గల్లీలోకి పోయినా ఒక సమ్మక్క ఉంటుంది, ఒక సమ్మయ్య ఉంటాడు. వేణు పెన్ను అక్కడ ఆగింది. సమ్మయ్య. ఇదైతే కలం పేరని కూడా ఎవరూ అనుకోరు. కవిత కింద ఆ ఒక్క మాట రాసి, కాగితం నాలుగు మడతలు పెట్టి, మర్నాడు ప్రార్థన గంట కొట్టకముందే పెట్టెలో వేసి వచ్చాడు.

పత్రిక వచ్చిన రోజు తన కాపీ తీసుకుని వేణు పంపు వెనక్కి పోయాడు. పదకొండో పేజీలో ఉంది. తన మాటలు అంత నల్లగా, అంత తిన్నగా నిలబడి ఉండటం అతనికి నమ్మబుద్ధి కాలేదు.

అమ్మ వచ్చే యాళ్ల

పొద్దూకంగ అమ్మ ఇంటికొస్తది
అమ్మ కంటె ముందు
అమ్మ కొంగుల ఘాటు వస్తది
మేం తుమ్ముతం
తుమ్ము వచ్చిందంటె
అమ్మ వచ్చినట్టు

తమ్ముడు ఏడిస్తె
అరచేత్తోని కండ్లు తుడుస్తది
చేతులు పొద్దంత మిర్చికే ఇచ్చి వచ్చింది
మాకు మిగిలిన అమ్మ గదే

రెండోసారి చదివినప్పుడు ఎనిమిదో వరుస దగ్గర ఆగిపోయాడు. అరచేత్తోనా? తను రాసింది మోచేత్తోని. లెక్కల నోట్‌బుక్కు తీసి చూసుకున్నాడు. మోచేత్తోనే.

వాళ్ల అమ్మ ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి పనికి పోతుంది. సీజన్‌లో పొద్దంతా కుప్పల ముందు కూర్చుని తాలు కాయలు ఏరుతుంది. చపాటా మిర్చి వచ్చిన రోజు కొంత నయం, అది చూడ్డానికే ఎరుపు, కారం తక్కువ. తేజ వచ్చిన రోజు మాత్రం చేతులు రాత్రి దాకా మండుతూనే ఉంటాయి. సబ్బు పెట్టి కడిగినా, కొబ్బరినూనె రాసినా, గోళ్ల సందుల్లోంచి కారం పోదు. తమ్ముడు ఏడ్చుకుంటూ మీద పడితే ఆమె రెండు చేతులూ పైకెత్తి, పిల్లాణ్ని మోచేతుల మధ్యకు తీసుకుని, ఆ మోచేత్తోనే వాడి కళ్లు తుడుస్తుంది. నాన్న సూరత్‌లో మరమగ్గాల మీద ఉంటాడు. ఇంట్లో కళ్లు తుడిచేది ఆమె ఒక్కతే.

తేజ మిర్చి ఏరిన అరచెయ్యి పిల్లాడి కంట్లో పెడితే ఏమవుతుంది? ఆ కవితలో అమ్మ ఇప్పుడు తమ్ముడి కంట్లో కారం కొడుతోంది. తనకు కోపమొచ్చింది మొదట అచ్చు మీద, తర్వాత తన మీద. పోయి చెప్పాలంటే సమ్మయ్య ఎవరో చెప్పాలి.

క్లాసులో అప్పటికే గోల మొదలైంది. సమ్మయ్య ఎవడ్రా? ఎ సెక్షన్‌లో లేడు, పదో తరగతిలో లేడు. ఒకరిద్దరు ఇంటర్వెల్‌లో గేటు ముందు సైకిళ్లు బాగు చేసే సమ్మయ్యను అడిగి వచ్చారు. "నేను రాస్తె పంచర్ల లెక్క రాస్త బిడ్డా, కవిత్వం నాకేడికెల్లి వస్తది" అన్నాడట.

ఆఖరి పీరియడ్‌లో స్వరూప మేడం పత్రిక పట్టుకునే వచ్చింది. "ఈసారి నాకు బాగా నచ్చింది పదకొండో పేజీ" అని కవిత పైకి చదివింది. ఎనిమిదో వరుస దగ్గర ఆమె కూడా ఒక్క క్షణం తడబడినట్టు వేణుకు అనిపించింది. చదవడం అయ్యాక, "చివర్ల ఏమంటున్నడు? మిగిలిన అమ్మ గదే అంటే ఏది?" అని అడిగింది.

ముందు బెంచీలోంచి అఖిల్ లేచాడు. క్లాస్ ఫస్ట్ అతనే, పత్రికకు ప్రూఫులు చూసిందీ అతనే. "ప్రేమ మేడం. అమ్మ చెయ్యి అంటె ప్రేమ గదా. అండ్ల ఒక తప్పు ఉండె మేడం, మోచేత్తోని అని పడ్డది. కండ్లు ఎవలన్న మోచేత్తోని తుడుస్తరా? నేనే సరిచేసిన."

అందరూ నవ్వారు. అఖిల్‌లో గర్వం తప్ప చెడ్డ ఉద్దేశం ఏమీ లేదు. వేణు లేచి నిలబడ్డాడు. ఎప్పుడు లేచాడో అతనికే తెలియలేదు.

"తప్పు గాదు" అన్నాడు.

మేడం చేతిలో పత్రిక దించింది. రాజు నోరు తెరిచి చూస్తున్నాడు. చెవులు ఎప్పటిలాగే వేడెక్కాయి. గొంతు ఎప్పటిలాగే పట్టేసింది. అయితే ఈసారి మాట్లాడాల్సింది తన గురించి కాదు. సమ్మయ్య గురించి. ఆ సమ్మయ్య ఇక్కడ లేడు, అతని తరఫున ఎవరో ఒకరు చెప్పాలి.

"మోచేత్తోనే మేడం. ఆయన... ఆ కవి గట్లనే రాసి ఉంటడు. మిర్చి ఏరినంక చేతులు మండుతయి. కడిగినా పోదు. ఆ చెయ్యి కండ్లకు తాకితె పిల్లగాడు ఇంక ఎక్కువ ఏడుస్తడు. అందుకే చేతులు పక్కకు వెట్టి మోచేత్తోని తుడుస్తది. చేతులు మిర్చికి ఇచ్చి వచ్చింది అన్నడు గదా. మిగిలింది మోచెయ్యే. అరచెయ్యి అంటె కింద రెండు లైన్లు ఉండుడే దండుగ."

అంత పొడుగు మాట ఆ గదిలో అతను ఎన్నడూ మాట్లాడలేదు. అయిపోయాక బెంచీ అంచు పట్టుకున్నాడు.

"నీకెట్ల తెలుసు?" అన్నాడు అఖిల్.

వేణు దగ్గర దానికి జవాబు లేదు. కిటికీ పక్క వరుసలోంచి మౌనిక అంది: "మా అమ్మ గూడ మిర్చి యార్డుకే పోతది. మోచేత్తోనే తుడుస్తది. నాకు జడ గూడ ఎయ్యది సీజన్ల. మా అక్క ఏస్తది." వెనక నుంచి ఇంకొకడు, "మా అత్త గూడ" అన్నాడు. మార్కెట్‌కు పోయే ఇళ్లు ఆ క్లాసులో ఎన్ని ఉన్నాయో వేణుకు అంతవరకు తెలియదు.

అఖిల్ కాసేపు పేజీ వైపే చూశాడు. "అవునురా, నాకు తట్టలే" అని కూర్చుని, పెన్ను తీసి తన కాపీలో దిద్దాడు. అలా ఒప్పుకోవడం క్లాస్ ఫస్ట్ వచ్చేవాడికి చిన్న పని కాదు.

"అందరూ దిద్దుకోండ్రి" అంది మేడం. "'అర' కొట్టేసి పైన 'మో' రాయండ్రి." మిగతా క్లాసుల కాపీలు కూడా తెప్పించి, ఆ పీరియడ్ అయ్యేదాకా వాళ్లతోనే దిద్దించింది.

గంట కొట్టాక వేణు బ్యాగు సర్దుకుంటుంటే ఆమె దగ్గరికొచ్చింది. అడిగేస్తుందేమోనని అతనికి ఒళ్లంతా టెన్షన్. ఆమె అడగలేదు.

"ఆ సమ్మయ్య నీకు ఎక్కడన్న కనవడితె చెప్పు. అచ్చుల తప్పు పోయినందుకు మేడం సారీ చెప్పిందని చెప్పు. వచ్చే సంచికకు ఇంకోటి రాయమను. ఈసారి ప్రూఫు ఆయనకే చూపిస్త, ఎవలతోని పంపాల్నో నాకు తెలుసు."

"సరే మేడం" అన్నాడు వేణు.

ఆ సాయంత్రం ముందు తమ్ముడు తుమ్మాడు, తర్వాత తలుపు చప్పుడైంది. అమ్మ చేతులు కడుక్కుని, నూనె రాసుకుని, గోడకు ఆనుకుని కూర్చుంది. వేణు పత్రిక తెచ్చి కవిత చదివాడు. ఆమె కళ్లు మూసుకుని వింది. మోచేత్తోని అనే మాట దగ్గర కళ్లు తెరిచింది.

"ఎవలు రాసిండ్రు?"

వేణు పేజీ ఆమె ముందు పట్టుకున్నాడు. చేతులు తగలకుండా ముందుకు వంగి, సంఘంలో సంతకం కోసం నేర్చుకున్న అక్షరాలతో ఆమె కూడబలుక్కుంది. "స... మ్మ... య్య." ఇంకోసారి చదివింది. కొడుకు మొహంలోకి చూసింది.

"నా పేరు తీసుకపోయి మొగోన్ని చేసినవ్ గదరా!" అని, తమ్ముడు ఉలిక్కిపడేంత గట్టిగా నవ్వింది. నవ్వి నవ్వి మోచేత్తో కళ్లు తుడుచుకుని, పేజీ మీదికి మళ్లీ వంగింది. "మరి గీ ఒక్క అక్షరం పెన్నుతోని ఎందుకున్నది?"

"అదా" అన్నాడు వేణు. పక్కన చాప మీద కూర్చుని, అఖిల్ ఏమన్నాడో, తను ఏమన్నాడో, మౌనిక ఏమందో మొత్తం చెప్పడం మొదలుపెట్టాడు. అన్నం ఉడికేదాకా చెబుతూనే ఉన్నాడు.