విషయం: కాల్‌లో నా గొంతు అప్పుడప్పుడు పోతోంది – శనివారం ఫోన్ తెస్తున్నా, ముందే వివరాలు

అన్నా, నమస్తే.

నిన్న ఫోన్‌లో మాట్లాడింది నేనే, మిర్యాలగూడ నుంచి. ప్రాబ్లం ఏందో రాసి పంపమన్నారు కదా, అందుకే ఈ మెయిల్. మోడల్ పేరు, కొన్న తేదీ కనపడేలా డబ్బా, బిల్లు ఫొటోలు జతచేశాను. వారంటీ అయిపోయింది.

ప్రాబ్లం ఇది: కాల్ మాట్లాడుతుంటే ఉన్నట్టుండి నా మాట అవతలివాళ్లకు వినపడటం ఆగిపోతుంది. వాళ్ల మాట నాకు బాగానే వినపడుతుంది, కాల్ కట్ కాదు, సిగ్నల్ గీతలు నిండుగానే ఉంటాయి. కాసేపటికి దానంతట అదే వస్తుంది, ఒక్కోసారి రానే రాదు. వినాయక చవితి తర్వాత మొదలైంది. మొదట్లో వారానికోసారి, ఇప్పుడు రోజూ. పొద్దున పూట చాలా తక్కువ. మధ్యాహ్నం, అందులోనూ ఫోన్ వేడెక్కాక ఎక్కువ. అందుకే మీరు పొద్దున్నే ఒక్క కాల్ చేసి చూస్తే బాగానే ఉన్నట్టు అనిపించొచ్చు. ఇక్కడ ఒక షాపులో అదే జరిగింది. కింద జాలీ బ్రష్‌తో తుడిచి, హలో అని చూసి, ఏం లేదు పొమ్మన్నారు. సాయంత్రానికి మళ్లీ అదే కథ.

నేను గమనించినవి కొన్ని ఉన్నాయి. మీ పని తేలికవుతుందని రాస్తున్నా, మీకు చెప్పేంతటోణ్ణి కాదు.

ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంటేనే ఈ గొడవ. మాట పోయినప్పుడు స్పీకర్ ఆన్ చేస్తే వెంటనే వినపడుతుంది. వైర్ ఇయర్‌ఫోన్ పెట్టినా బాగుంటుంది. ఈ ఫోన్‌తో వీడియో తీస్తే గొంతు శుభ్రంగా పడుతుంది. వాట్సాప్ కాల్‌లో మాత్రం మామూలు కాల్‌లాగే పోతుంది. సిమ్ తీసి మా ఆవిడ ఫోన్‌లో వేసి ఒకరోజంతా వాడాను, ఒక్కసారీ రాలేదు, కాబట్టి నెట్‌వర్క్‌ది కాదు. సేఫ్ మోడ్‌లో పెట్టినా ప్రాబ్లం వచ్చింది, కాబట్టి యాప్‌ది కూడా కాదనుకుంటున్నా.

అన్నిటికంటే ముఖ్యమైనది జతచేసిన ఆడియో. వాయిస్ రికార్డర్ పెట్టి ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టాను. పదకొండు దగ్గర గొంతు మాయమై కరకరమనే సన్నని చప్పుడు మిగులుతుంది. అప్పుడు ఛార్జింగ్ పిన్ పక్కన కుడి మూలను బొటనవేలితో నొక్కాను. పదిహేడు నుంచి మళ్లీ వినపడుతుంది. వేలు తీస్తే పోయింది, నొక్కితే వచ్చింది. దాన్ని మా ఆవిడ ఫోన్‌లో వీడియో కూడా తీసి పంపాను.

ఇంకొకటి, ఈ మధ్య ఛార్జింగ్ కూడా వైర్ కదిలిస్తే ఆగిపోతోంది. వేరే వైరు, వేరే ఛార్జర్ పెట్టినా అంతే. కింద మైకు, ఛార్జింగ్ పిన్ ఒకే చిన్న బోర్డు మీద ఉంటే రెండూ ఒకటే రోగమేమో, మీరే చూడండి. నేను చేసేది రైస్ మిల్లులో గుమస్తా పని. వానాకాలం వడ్లు వస్తున్న టైం, ఊక దుమ్ము ఫోన్ కవర్ లోపలికి కూడా పోతుంది. ఫోన్ నీళ్లలో పడలేదు. మే నెలలో టేబుల్ మీది నుంచి ఒకసారి కింద పడింది, గ్లాస్ పగలలేదు, ఆ తర్వాత మూడు నెలలు బాగానే పనిచేసింది. ఇంతవరకు ఎవరూ విప్పలేదు.

శనివారం పదకొండు లోపు క్లాక్ టవర్ దగ్గర బస్సు దిగి వచ్చేస్తా. సిమ్, మెమరీ కార్డు తీసే ఇస్తాను. డేటా బ్యాకప్ చేసుకున్నా, అయినా నన్ను అడగకుండా రీసెట్ చేయకండి. లారీ డ్రైవర్ల లెక్కలన్నీ అందులోనే ఉన్నాయి. లాక్ నంబర్ కావాలంటే నేను అక్కడ ఉండగానే తీసి చూపిస్తా, రాసి ఇవ్వలేను. *#06# కొట్టి వచ్చిన ఐఎంఈఐ నంబర్ రసీదు మీద రాయండి.

విప్పకముందే సుమారుగా ఎంతవుతుందో చెప్పండి. విప్పాక ఖర్చు పెరిగేట్టుంటే, నిన్న మీరు మాట్లాడిన నంబర్‌కే చేయండి, అది మా ఆవిడది. నేను సరే అన్నాకే పార్టు వేయండి. ఒరిజినల్ పార్టుకు, మామూలు దానికి ధర ఎంత తేడా, వేసినదానికి ఎన్నాళ్లు గ్యారంటీ, ఈ రెండూ ఈ మెయిల్‌కే జవాబు రాస్తే ఇంకా మంచిది. తీసేసిన పాత పార్టు నాకు ఇచ్చేయండి.

రిపేర్ అయ్యాక చెక్ చేసేటప్పుడు ఒక్క నిమిషం కాకుండా, ఫోన్ కాస్త వేడెక్కేదాకా ఒక పొడుగు కాల్ చెవి దగ్గరే పెట్టుకొని మాట్లాడి చూడండి. ఒకేరోజులో అయ్యే పనైతే నల్గొండలోనే ఆగుతా, సాయంత్రం బస్సుకు పోతా. కాకపోతే శుక్రవారమే చెప్పండి, మిల్లులో ఇంకో ఫోన్ చూసుకోవాలి.

ఉంటానన్నా,
సైదులు
మిర్యాలగూడ

జతచేసినవి: రికార్డర్ ఆడియో, వీడియో, డబ్బా ఫొటో, బిల్లు ఫొటో