పూల అంగడిలో కన్నడం: బెంగళూరు తెలుగువారికి వీడియో పాఠం

[దృశ్యం: బసవనగుడి, గాంధీ బజారు. ఉదయం. బుట్టలో మల్లెమాలలు. పూలమ్మే ఆమె మోచేతి నుంచి వేళ్ల కొస దాకా మాలను కొలిచి తెంపుతోంది.]

టీచర్: నమస్కారం. ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఇంగ్లిషు మాట్లాడుకుంటూ బెంగళూరులో ఏళ్లు గడిపేయవచ్చు. కానీ పొద్దున్నే మీకు పూలు ఇచ్చే మనిషితో ఆమె భాషలో నాలుగు మాటలు మాట్లాడితే ఆ పలకరింపే వేరు. ఈ రోజు అంగడిలో నిలబడి నేర్చుకుందాం. నేను చెప్పాక ఆగుతాను. మీరు పైకి అనండి. మనసులో అనుకుంటే నాలుక తిరగదు.

[తెర మీద: పువ్వు → హూవు]

టీచర్: హూవు.
[విరామం: 3 సెకన్లు]
టీచర్: మరోసారి. హూవు.
[విరామం: 3 సెకన్లు]

[తెర మీద: పండు → హణ్ణు | పాలు → హాలు | పాము → హావు | పది → హత్తు]

టీచర్: తెర మీద చూడండి. మన మాటలో మొదట 'ప' ఉన్నచోట కన్నడంలో 'హ' వచ్చింది. పాత కన్నడంలో అక్కడా 'ప' ఉండేది. పాలను 'పాల్' అనేవారు. తర్వాతి కాలంలో అది 'హ'గా మారింది. మన తెలుగులో 'ప' అలాగే నిలిచిపోయింది. అంటే ఈ మాటల్లో సగం మీకు ఇప్పటికే వచ్చు. నేను తెలుగులో అంటాను, మీరు కన్నడంలో చెప్పండి.

టీచర్: పండు?
[విరామం: 3 సెకన్లు]
టీచర్: హణ్ణు. పాలు?
[విరామం: 3 సెకన్లు]
టీచర్: హాలు. పది?
[విరామం: 3 సెకన్లు]
టీచర్: హత్తు. బాగుంది. అయితే ప్రతి 'ప'నూ మార్చేయకండి. సంస్కృతం నుంచి వచ్చిన మాటలు మారవు. పుస్తకం కన్నడంలోనూ 'పుస్తక'.

[తెర మీద: ఈ హూవు ఎష్టు? = ఈ పూలు ఎంత?]

టీచర్: ఈ హూవు ఎష్టు?
[విరామం: 4 సెకన్లు]
టీచర్: అరటిపండ్ల దగ్గరైతే, ఈ బాళెహణ్ణు ఎష్టు?
[విరామం: 5 సెకన్లు]

[తెర మీద: ఒందు మొళ కొడి = ఒక మూర ఇవ్వండి]

టీచర్: ఒందు మొళ కొడి.
[విరామం: 4 సెకన్లు]
టీచర్: 'కొ' పొట్టిగా పలకాలి. దీర్ఘం తీస్తే మన తెలుగు చెవికి కోడి వినిపిస్తుంది. చివరి 'ఇ'ని మింగేయవద్దు, మన 'అండి' పని చేసేది అదే. 'కొడు' అంటే 'ఇవ్వు' అన్నట్టే. వయసులో మీకన్నా పెద్దావిడను అలా అడగడం బాగుండదు. ఇంకోసారి, మర్యాదగా.
[విరామం: 4 సెకన్లు]

[తెర మీద: ఇప్పత్తు = 20 | ఎప్పత్తు = 70]

టీచర్: ఇక్కడ చెవి పెట్టి వినండి. అంగడి గోలలో ఈ రెండూ ఒకేలా వినిపిస్తాయి, డబ్బు దగ్గర తేడా పెద్దది. ఇప్పత్తు.
[విరామం: 3 సెకన్లు]
టీచర్: ఎప్పత్తు.
[విరామం: 3 సెకన్లు]
టీచర్: అనుమానం వస్తే మొహమాటపడకుండా అడగండి: ఇప్పత్తా, ఎప్పత్తా?
[విరామం: 4 సెకన్లు]

[తెర మీద: స్వల్ప కడిమె మాడి = కొంచెం తగ్గించండి]
[తెర మీద: కవర్ బేడ, చీల ఇదె = కవర్ వద్దు, సంచి ఉంది]

టీచర్: స్వల్ప కడిమె మాడి.
[విరామం: 4 సెకన్లు]
టీచర్: కవర్ బేడ, చీల ఇదె.
[విరామం: 4 సెకన్లు]

[దృశ్యం: కెమెరా పూలమ్మే ఆమె ఎదుట. తెర మీద మాటలు ఉండవు.]

టీచర్: ఇప్పుడు కొనేది మీరే.

పూలమ్మే ఆమె: బన్ని, మల్లిగె బేకా?
టీచర్: రండి, మల్లెలు కావాలా అంటున్నారు. ధర అడగండి.
[విరామం: 5 సెకన్లు]
పూలమ్మే ఆమె: మొళ నలవత్తు రూపాయి.
టీచర్: నలభై. కొంచెం తగ్గించమనండి.
[విరామం: 5 సెకన్లు]
పూలమ్మే ఆమె: సరి, మూవత్తైదు కొడి.
టీచర్: ముప్పై అయిదుకు దిగారు. రెండు మూరలు అడగండి. రెండుకు కన్నడంలో 'ఎరడు'.
[విరామం: 6 సెకన్లు]
టీచర్: ఎరడు మొళ కొడి. ఆవిడ కవర్ తీస్తున్నారు, చెప్పండి!
[విరామం: 5 సెకన్లు]
పూలమ్మే ఆమె: ఎప్పత్తు రూపాయి.
టీచర్: ఎంత ఇవ్వాలి?
[విరామం: 4 సెకన్లు]

[తెర మీద: 70 రూపాయలు]

టీచర్: డబ్బు ఇచ్చి 'బర్తీని' అనండి. మన 'వస్తాను' లాంటిదే.
[విరామం: 3 సెకన్లు]
పూలమ్మే ఆమె: హోగి బన్ని!