దబ్బనం

తఘాజా సహారా ఎడారిలో ఉప్పు గనుల ఊరు. అక్కడ ఇళ్లు ఉప్పుతో కట్టుకున్నారు. గోడలు ఉప్పు పలకలు, పైన ఒంటె తోళ్ల కప్పు. మసీదు కూడా ఉప్పే. చుట్టూ చూస్తే చెట్టన్నది లేదు, ఇసుకే. ఎడారి ఉత్తరపు అంచున ఉన్న సిజిల్మాసా ఖర్జూర తోటల మధ్య పుట్టి పెరిగిన యూసుఫ్‌కు, 25 రోజులు నడిచి అక్కడికి చేరిన రోజున, ఊరు చూడగానే గోడని నాలుకతో తాకాలనిపించింది. తాకాడు. వెంటనే దాహం వేసింది. బావి నీళ్లు తాగితే అవీ ఉప్పగానే ఉన్నాయి.

వాడికి 14 ఏళ్లు. తండ్రి పోయాక తల్లి వాణ్ని ఒక వర్తకుడి దగ్గర పనికి పెట్టింది. రెండేళ్లు కొట్లో ఊడ్చాడు, తూచాడు, చిట్టా రాయడం నేర్చుకున్నాడు. బిడారుతో రావడం ఇదే మొదటిసారి. వర్తకుణ్ని వాడు 'సీదీ' అనేవాడు, మన 'అయ్యా' లాగా. సీదీ పెద్దగా మాట్లాడే మనిషి కాదు. బయలుదేరే ముందు మాత్రం ఒక మాట చెప్పాడు.

"చిట్టాలో ఉన్నదీ మూటలో ఉన్నదీ ఒకటే కావాలిరా. తేడా వస్తే మూటని కాదు, ముందు చిట్టాని అనుమానించు."

అది పద్నాలుగో శతాబ్దం నడిమి కాలం. అప్పుడు మొరాకోలోని ఫెజ్‌లో అబూ ఇనాన్ సుల్తాను. ఎడారికి అవతల మాలీలో సులైమాన్ మన్సా, అంటే రాజు. ఈ ఇద్దరి మధ్య ఇసుకలో, ఎవరి నీడా పడని చోట, మసూఫా తెగ వాళ్ల బానిసలు నేలని తవ్వి ఉప్పు తీస్తారు. పైన ఇసుక తొలగిస్తే కింద ఉప్పు పొరలు పొరలుగా ఉంటుంది. దాన్ని మందపాటి పలకలుగా కోస్తారు. ఒంటెకు రెండు పలకలు, అటొకటి ఇటొకటి. అంతకు మించి ఒంటె మోయలేదు.

తవ్వేవాళ్లలో యూసుఫ్ ఈడు కుర్రాడొకడు ఉన్నాడు. వాడు పలకని గొయ్యిలోంచి పైకి నెడుతుంటే యూసుఫ్ అంచు పట్టుకుని లాగాడు. వాడి అరచేతులు పగిలి ఉన్నాయి, ఆ పగుళ్లలో ఉప్పు తెల్లగా మెరుస్తోంది. వాళ్లకు అక్కడ పండేదేమీ లేదు. ఉత్తరం నుంచి ఖర్జూరం రావాలి, దక్షిణం నుంచి జొన్నలు రావాలి, ఏ బిడారూ రాకపోతే ఒంటె మాంసమే గతి. యూసుఫ్ తన వాటా ఖర్జూరాలు కొన్ని వాడి చేతిలో పోశాడు. వాడు ఒకటే తిని, మిగతావి నడుముకు కట్టుకున్న గుడ్డలో ముడి వేసుకున్నాడు. ఒకరి భాష ఇంకొకరికి రాదు. యూసుఫ్ ఆ పలక మీద బొగ్గుతో చిన్న గీత పెట్టాడు. ఎందుకు పెట్టాడో వాడికే తెలియదు, గుర్తుగా ఉండాలనిపించింది.

సీదీ కొన్నవి 52 పలకలు. 26 ఒంటెలు. యూసుఫ్ చిట్టాలో రాశాడు.

తఘాజా తర్వాత పది రోజులు నీళ్లు లేవు. అదృష్టం ఉంటే ఎక్కడో రాళ్ల మధ్య వాన నీళ్లు నిలిచి ఉంటాయి. ఆ ఏడాది ఒకచోట ఉన్నాయి, దాంట్లో బట్టలు కూడా ఉతుక్కున్నారు. పేల బాధ చెప్పనక్కర్లేదు. అందరి మెడలోనూ పాదరసం పట్టించిన దారాలున్నాయి, పేలు చస్తాయని. అలా తాసరహ్లా చేరారు. అక్కడ ఇసుక తవ్వితే నీళ్లు పడతాయి. బిడార్లన్నీ మూడు రోజులు అక్కడ ఆగుతాయి. ఆగేది విశ్రాంతికనే పేరే గాని, అసలు పని నీళ్లు మోసే తోలు తిత్తులది.

ఎడారి దక్షిణపు అంచున, బిడారు చేరాల్సిన వలాతా ఇంకా దూరం. మధ్యలో చుక్క నీరు దొరకదు. అందుకని తాసరహ్లా నుంచి ఒక మనిషిని ముందుగా పంపుతారు. వాణ్ని తక్షీఫ్ అంటారు. మసూఫా వాడు, ఒంటరిగా పోతాడు. వర్తకులు వలాతాలో తమకు తెలిసిన వాళ్లకు ఉత్తరాలు రాసి అతనికి ఇస్తారు. అవి అందితే అక్కడి వాళ్లు నాలుగు రోజుల దూరం ఎదురొచ్చి నీళ్లు ఇస్తారు. అతను దారిలో చచ్చిపోతే ఉత్తరాలు అందవు, వెనకొచ్చే బిడారు సంగతి ఎవరికీ తెలియదు. ఈ ఒక్క మనిషికి 100 మిస్కాళ్ల బంగారం ఇవ్వడానికి కూడా వెనకాడరు. మిస్కాలంటే నాలుగు గ్రాముల పైచిలుకు.

ఉత్తరం యూసుఫే రాశాడు. సీదీ చెబుతుంటే రాసి, ఇసుక చల్లి ఆరబెట్టి, మడిచి ఇచ్చాడు. తక్షీఫ్ దాన్ని మిగతా వాటితో కలిపి తోలు సంచిలో దోపుకుని, ఇంకేం చెప్పకుండా ఒంటె ఎక్కాడు.

తర్వాత తిత్తుల పని. సీదీ వాళ్లు అయిదుగురు, తిత్తులు ఎనిమిది. ఎడారి గాలి మేక తోలులోంచి కూడా నీళ్లు పీల్చేస్తుంది. అందుకే నింపిన తిత్తికి పైన గోనెపట్టా చుట్టి కుట్టేస్తారు. పట్టాని తిత్తి చుట్టూ బిగించి, అంచుని అంచు మీదికి రెండు వేళ్ల వెడల్పు ఎక్కించి, దబ్బనంతో పురికొస దూర్చి లాగాలి. ప్రతి కుట్టుకూ మోకాలితో తిత్తిని అదిమి పట్టాలి. లాగినప్పుడు గట్టిగా లాగాలి, కానీ దబ్బనం మొన తోలుకి తగలకూడదు. తిత్తి అడుగున, కాళ్లు కట్టిన ముడి దగ్గర, పట్టా సరిగ్గా కూర్చోదు. అక్కడ ముడత పెట్టి రెండోసారి కుట్టాలి. యూసుఫ్ ఏడు తిత్తులకు అలాగే కుట్టాడు. వేళ్లు బొబ్బలెక్కాయి. ఎనిమిదో దానికి చీకటి పడింది. అడుగున ముడత పెట్టలేదు. ఒక వరస కుట్టి, పురి కొరికేసి, పడుకున్నాడు.

బయలుదేరిన నాలుగో రోజు పొద్దున తిత్తులు దించుతుంటే ఎనిమిదోది తేలిగ్గా వచ్చింది. వాడి గుండె జారిపోయింది. అడుగున పట్టా ఊడి, అరచేతి వెడల్పున తోలు బయటపడి ఉంది. కారలేదు, ఎక్కడా తడి లేదు. మూడు రోజుల గాలి తాగేసింది. ఊపి చూస్తే అడుగున కొంచెం నీళ్లు చప్పుడు చేశాయి.

వాడు ఆ తిత్తిని మిగతావాటి వెనక పెట్టాడు. ఆ పగలంతా గుడారం నీడలో కళ్లు మూసుకుని పడుకున్నాడే గాని నిద్ర పట్టలేదు. చెబితే కొడతారేమో అన్న భయం కన్నా, చెప్పకపోతే ఎన్ని రోజులకు తెలుస్తుందో అన్న లెక్కే బుర్రలో తిరిగింది. అయిదుగురు, ఏడు తిత్తులు. వేళ్ల మీద లెక్కపెట్టాడు. మళ్లీ లెక్కపెట్టాడు.

సాయంత్రం సీదీ ముందు నిలబడ్డాడు.

"సీదీ, ఎనిమిదో తిత్తి ఎండిపోయింది. కుట్టింది నేనే. అడుగున సరిగ్గా కుట్టలేదు."

"ఎప్పుడు చూశావు?"

"పొద్దున."

సీదీ కాసేపు వాడి మొహంలోకి చూశాడు. "పొద్దున చూసి ఇప్పుడు చెబుతున్నావు," అన్నాడు. చెయ్యి ఎత్తలేదు. "నాకు చెప్పి లాభం లేదు. పోయి బిడారు పెద్దకి చెప్పు. ఇలాగే చెప్పు."

బిడారు పెద్ద చుట్టూ పదిమంది కూర్చుని ఉన్నారు. వాళ్ల పక్కనే దారి చూపే ముసలాయన. ఆయనకు ఒక కన్ను లేదు, రెండోది పుసిగట్టి ఉంటుంది, అయినా ఆ దారి ఆయనకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. యూసుఫ్ అందరి ముందూ చెప్పాడు. గొంతు తడారిపోయింది. పెద్ద ఏమీ అనకుండా లేచి, అందరి తిత్తులూ తన ముందు దించమన్నాడు.

దించారు. ఇంకో నాలుగు సగానికి పైగా ఎండి ఉన్నాయి. వాటి సొంతదారుల్లో ఇద్దరికి నిజంగానే తెలియదు. మిగతా ఇద్దరు నేల చూపులు చూశారు.

ఆ రాత్రి నుంచి నడక మారింది. తెల్లారగానే ఆగేవాళ్లు, ఇప్పుడు ఎండ నెత్తికెక్కేదాకా నడిచారు. నీళ్లు గిన్నెతో కొలిచి పోశారు, పెద్దకీ అదే గిన్నె. ఆరో రోజు సీదీ ఒంటెల్లో ఒకటి మోకాళ్ల మీద కూలబడింది. లేపారు. మళ్లీ కూలింది. కోశారు. పొట్టలో దొరికిన నీళ్లు పిండి, గుడ్డలో వడగట్టి తాగారు. ఆ వాసన యూసుఫ్‌కు చాలా కాలం ముక్కులోంచి పోలేదు.

దాని మీదున్న రెండు పలకలు మిగిలాయి. వేరే ఒంటెకు ఎక్కించే వీలు లేదు. వలాతాలో ఒంటె బరువు ఉప్పుకు ఎనిమిది నుంచి పది మిస్కాళ్లు పలుకుతుంది, ఇంకా దక్షిణాన మాలీ పట్నం దాకా తీసుకెళ్తే 20, 30. సీదీ వాటి వైపు ఒక్కసారి చూసి "దించెయ్" అన్నాడు.

యూసుఫ్ దించాడు. రెండో పలక తిప్పేసరికి అంచున బొగ్గు గీత కనిపించింది.

వాడు దాన్ని ఇసుకలో పడుకోబెట్టలేదు. చేతులతో గొయ్యి తవ్వి, రెండు పలకల్నీ పక్కపక్కన నిలబెట్టాడు. వెనక నుంచి పిలుస్తున్నా వినకుండా చుట్టూ ఇసుక తొక్కి గట్టి చేశాడు. తర్వాత పరిగెత్తి బిడారులో కలిశాడు. చాలా దూరం దాకా వెనక్కి తిరిగి చూస్తే వెన్నెల్లో రెండు తెల్ల చుక్కలు కనిపించాయి.

ఏడో రాత్రి ముసలాయన ఒంటె ఆపాడు. చూపు లేని కన్ను ఉన్న వైపే తల తిప్పి, "మంటలు ఉండాలి, చూడండి," అన్నాడు. ముందు ఎవరికీ ఏమీ కనిపించలేదు. యూసుఫ్ ఒంటె మూపురం మీద మోకాళ్లపై నిలబడి చూశాడు. నేలకి ఆనుకుని, నక్షత్రం అనుకునేంత చిన్నగా ఒక ఎర్ర చుక్క ఉంది. పక్కన ఇంకొకటి. తర్వాత మూడోది.

"తాతా! మూడున్నాయి!"

"అయితే మనోడు బతికే ఉన్నాడు," అన్నాడు ముసలాయన. తక్షీఫ్ గురించి ఆయన మాట్లాడింది ఆ ఒక్కసారే.

వలాతాలో సరుకులు దించిన రోజు సాయంత్రం సీదీ చాప మీద కూర్చుని, "రాయి," అన్నాడు. యూసుఫ్ చిట్టా తెరిచాడు.

"తఘాజాలో ఎక్కించినవి?"

"52."

"ఇక్కడ దించినవి?"

"50, సీదీ."

"తేడా ఎందుకో రాయి."

వాడు రాశాడు. 'ఎనిమిదో తిత్తి అడుగున నేను ముడత పెట్టి కుట్టలేదు.' సిరా ఆరేదాకా తల ఎత్తలేదు. సీదీ చిట్టాని దీపం దగ్గరికి జరుపుకుని, ఆ వాక్యాన్ని నెమ్మదిగా, పెదవులు కదుపుతూ చదివాడు.

"ఎక్కడ వదిలామో రాయలేదేం?"

"అక్కడ గుర్తేమీ లేదు సీదీ. అంతా ఇసుకే."

"నిలబెట్టి వచ్చావుగా, చూశాను." చిట్టా తిరిగి వాడి ముందుకు తోశాడు. "తాసరహ్లా నుంచి ఆరో రోజు నడకలో అని రాయి. మిగతాది ముసలాయన్ని అడుగుదాం. తిరుగుదారిలో ఒంటెలు ఖాళీగానే ఉంటాయి."

యూసుఫ్ కలం ముంచాడు. ఇంతలో సీదీ సంచిలో చెయ్యి పెట్టి, పురికొస ఉండ, దానికి గుచ్చిన దబ్బనం తీసి చిట్టా పక్కన పెట్టాడు.

"తిత్తులు ఈసారీ నువ్వే కుట్టాలి. వెలుగుండగానే మొదలుపెట్టు."