బోధనాభ్యాసం ముగింపు సందర్భంగా కృతజ్ఞతా లేఖ

గుంటూరు,
7 మార్చి 2025.

గౌరవనీయులైన ప్రధానోపాధ్యాయులు గారికి,
జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల, గుంటూరు జిల్లా.

నమస్కారాలు.

గత నవంబరు 18న మా కళాశాల ఇచ్చిన ఉత్తరం పట్టుకుని మీ గదిలోకి వచ్చిన నాకు, ఈరోజుతో 16 వారాల ఇంటర్న్‌షిప్ పూర్తయింది. రికార్డుల మీద మీరు చేసిన సంతకాలకు అక్కడే ధన్యవాదాలు చెప్పాను గానీ, అసలు చెప్పవలసినది నోటితో చెప్పలేక ఇలా రాస్తున్నాను.

రెండో వారంలో ఏడో తరగతి 'బి' సెక్షనులో నేను బీజీయ సమాసాలు చెబుతుండగా మీరు వచ్చి చివరి బెంచీలో కూర్చున్నారు. మైనస్‌ను మైనస్‌తో గుణిస్తే ప్లస్ ఎందుకవుతుందని ఒక అమ్మాయి అడిగితే, అది సూత్రమనీ గుర్తుపెట్టుకోవాలనీ చెప్పి నేను ముందుకు వెళ్లిపోయాను. మీరు పిల్లల ఎదుట ఒక్క మాట కూడా అనలేదు. విరామంలో మీ గదికి పిలిచి, ఒక కాగితం మీద −5 × 2, −5 × 1, −5 × 0 వరుసగా రాసి, జవాబు ప్రతిసారీ ఐదేసి పెరుగుతున్నదని నా చేతే చెప్పించి, తర్వాతి వరుసలో −5 × −1 రాసి కలం నాకిచ్చారు. మర్నాడు క్లాసులో "నిన్న నేను సరిగా చెప్పలేదు" అని మొదలుపెట్టమన్నారు. చాలా బెరుకుగానే ఆ మాట అన్నాను; ఆ రోజు నుంచే పిల్లలు నన్ను ధైర్యంగా ప్రశ్నలు అడగసాగారు. ఆ కాగితాన్ని నా పాఠ్యపథకాల పుస్తకంలో అతికించుకున్నాను.

సంక్రాంతి సెలవుల తర్వాత మిరపకోతల వల్ల హాజరు తగ్గినప్పుడు, ఒక సాయంత్రం మీతో పాటు నన్నూ కళ్లానికి తీసుకువెళ్లారు. ఆరబోసిన కాయల ఘాటుకు నాకు దగ్గు ఆగలేదు. మీరు మాత్రం ఆ తల్లిదండ్రుల పక్కనే కూర్చుని, కూలి గిట్టుబాటు గురించీ కోతలు ఎన్నాళ్లుంటాయన్న సంగతీ అడిగి, ఆ తర్వాతే పిల్లల మాట ఎత్తారు. సోమవారం ఆ అన్నాచెల్లెళ్లిద్దరూ బడికి వచ్చారు. హాజరుపట్టీలో 'ఆబ్సెంట్' వేసి ఊరుకోకూడదని ఏ పాఠ్యపుస్తకమూ నాకు ఇంత స్పష్టంగా నేర్పలేదు.

తన పీరియడ్లను నాకు అప్పగించి, ప్రతి పాఠ్యపథకాన్నీ ఓపికగా దిద్దిన గణిత ఉపాధ్యాయిని గారికీ, మధ్యాహ్న భోజన సిబ్బందికీ నా కృతజ్ఞతలు తెలియజేయవలసిందిగా కోరుతున్నాను. నేను తయారుచేసిన భిన్నాల చార్టులు, అట్టతో చేసిన ఘనాకృతుల నమూనాలు ఏడో తరగతి బీరువాలో ఉంచాను. వాటిని పిల్లలు వాడుకుంటే సంతోషిస్తాను. పదో తరగతి పరీక్షలు అయ్యాక, మీరు అనుమతిస్తే, ఒకసారి వచ్చి 'బి' సెక్షను పిల్లలను చూసి వెళతాను.

ఇట్లు,
భవదీయురాలు,
మాధవి,
బి.ఇడి. రెండో సంవత్సరం, గణిత బోధన.