శ్రావణికి, డబ్బాతో పాటు

శ్రావణీ,

డబ్బా సెక్యూరిటీ ఆయన దగ్గర పెట్టి వెళ్తున్నా. పైకి రాలేదు. గేటు యాప్‌లో నా పేరు కొడితే నీ ఫోన్ మోగుతుంది, రానివ్వాలా వద్దా అని నువ్వు తేల్చుకోవాలి. ఇవాళ నీకు ఆ పని కూడా పెట్టడం ఎందుకని. పై గిన్నెలో పెరుగన్నం, రాత్రికే తినెయ్, రేపటికి పులిసిపోతుంది. కింద ముద్దపప్పు, ఫ్రిజ్‌లో పెడితే రెండు రోజులు ఆగుతుంది. సీసాలో కందిపొడి, తడి చెంచా పెట్టకపోతే నెలైనా దానికేం కాదు. అన్నం ఒక్కటే నువ్వు వండుకోవాల్సింది. ఆ ఓపిక కూడా లేకపోతే ‘అన్నం’ అని ఒక్క ముక్క పంపు, ఇంకేం రాయక్కర్లేదు.

నిన్న రాత్రి ‘అయిపోయిందే’ అన్నావు. ఎందుకు అయిపోయిందని అడగను. నువ్వు చెబితే వింటాను, మొత్తం చెప్పినా, సగంలో ఆపేసినా, చెప్పిందే పదిసార్లు చెప్పినా. మధ్యలో ‘నేను ముందే అనుకున్నా’ అనే మాట నా నోట్లోంచి రాదు. ‘పోనీలే, మంచికే జరిగింది’ అని కూడా అనను. మంచికో చెడుకో నాకేం తెలుసు? ఆరేళ్లు కలిసున్నది మీరిద్దరు. ఇవాళ నీ కోపం చూసి వంశీని నాలుగు తిట్టాననుకో, వచ్చే నెల మీరు మళ్లీ మాట్లాడుకుంటే ఆ తిట్లు మన ముగ్గురి మధ్యా కూర్చుంటాయి. అప్పుడు నా దగ్గరికి రావడానికి నువ్వే మొహమాటపడతావు. మాట్లాడుకోకపోయినా అంతే, ఒక రోజు అతను గుర్తొచ్చి ఏడవాలనిపిస్తే, తిట్టినదాని ముందు ఎలా ఏడుస్తావు?

ఒక విషయం మాత్రం ముందే చెప్పాలి, తర్వాత ఎవరి ద్వారానో తెలిస్తే బాగోదు. వంశీ ఫోన్ చేస్తే ఎత్తుతాను. అతనూ నాకు స్నేహితుడే. కానీ నువ్వు చెప్పింది అక్కడికి వెళ్లదు, అతను చెప్పింది ఇక్కడికి రాదు. ‘శ్రావణి ఎలా ఉంది’ అని అడిగితే ‘తననే అడుగు’ అంటాను. ‘వంశీ ఏమన్నాడు’ అని నువ్వడిగినా అదే జవాబు. నీకు చిరాకొస్తుంది, తెలుసు. రానీ. తాళాలు, సామాన్లు, కాగితాలు చేతులు మారాల్సి ఉంటే నేను తెచ్చిస్తాను, ఇచ్చొస్తాను. మాటలు మాత్రం మోయను.

మన ఒంగోలు బ్యాచ్ గ్రూపులో ఎవరైనా కదిపితే నేను నోరు విప్పను. మీ అమ్మ నాకు ఫోన్ చేస్తే? అది నువ్వే తేల్చు. ఆవిడకి నువ్వు రూమ్మేట్‌తో ఉంటున్నావనే తెలుసు. నేను కొత్తగా అబద్ధం ఏదీ అల్లను, ఉన్నది బయటపెట్టను. ‘ఆఫీసు పనిలో ఉందమ్మా, రాత్రికి చేయమంటాను’ అని ఊరుకుంటాను. రాత్రికి నువ్వు నిజంగా చేస్తే చాలు, రెండు నిమిషాలైనా. చేయకపోతే మూడో రోజుకి మీ నాన్న బెంగళూరు బస్సెక్కేస్తారు.

ఇంటి సంగతి. ఉండాలా, ఖాళీ చేయాలా అనేది ఈ వారం తేలక్కర్లేదు. ఆగనివి రెండే. ఐదో తారీఖు అద్దె, అగ్రిమెంట్‌లో రాసిన నోటీసు గడువు. అద్దె ఎవరి ఖాతాలోంచి వెళ్తోందో చూడు. ఇద్దరూ ‘అవతలి వాళ్లు కడతార్లే’ అనుకున్నారంటే ఓనరు ఆరో తారీఖున ఫోన్ చేస్తాడు, ఆ ఫోన్ వల్ల లేని గొడవ పుడుతుంది. పదకొండు నెలల అగ్రిమెంట్ ఇద్దరి పేరునా ఉంది కాబట్టి ఒకరు వెళ్లిపోయినా రెండో పేరు దానంతటది పోదు. ఓనరుతో మాట్లాడి మళ్లీ రాయించుకోవాలి. అడ్వాన్స్ మీలో ఎవరు ఎంత పంపారో బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఉంటుంది, ఆ పేజీలు ఒక ఫోల్డర్‌లో పెట్టుకో. ఇది వంశీ మీద అనుమానంతో చెప్పడం లేదు, అతను అడిగినా ఇదే చెబుతాను. ఖాళీ చేసేటప్పుడు ఇక్కడి ఓనర్లు పెయింటింగ్ కింద ఒక నెల అద్దె పట్టుకోవడం మామూలే, మిగిలింది ఎంతో తెలియకుండా పంచుకోవడానికి కూర్చుంటే లెక్క తేలదు. ఆదివారం అగ్రిమెంట్ ముందు పెట్టుకుని చదవాలంటే నేనొచ్చి పక్కన కూర్చుంటాను. చదవడం నాది, నిర్ణయం నీది.

ఫోన్ గురించి కూడా. అతన్ని బ్లాక్ చేయాలా వద్దా అనేది నీ ఇష్టం, నేను వేలు పెట్టను. రెండూ కాని దారి కావాలంటే వాట్సాప్‌లో ఆ చాట్‌ని మ్యూట్ చేసి ఆర్కైవ్‌లో పడెయ్. మెసేజ్ వచ్చినా పైకి ఎగిరి రాదు, కావాలనుకున్నప్పుడు నువ్వే తెరుస్తావు. గూగుల్ మ్యాప్స్‌లో లొకేషన్ షేరింగ్ ఇంకా నడుస్తోందేమో చూడు, ఇద్దరివైపూ. ఫొటోలు ఏవీ డిలీట్ చేయకు. గూగుల్ ఫొటోస్ మెమొరీస్‌లో ఆ ముఖం, ఆ తేదీలు కనపడకుండా దాచే సెట్టింగ్ ఉంది, దాచు చాలు. లేకపోతే ఏ సోమవారం పొద్దున్నో మీటింగ్‌లో ఉండగా ‘మూడేళ్ల క్రితం’ అంటూ నంది హిల్స్ ఫొటో తెచ్చి ముందు పెడుతుంది.

నా సంగతి కూడా కచ్చితంగా చెబుతా, ‘ఎప్పుడైనా పిలువు’ అనే మాట వల్ల ఎవరూ పిలవరు. పొద్దున పది నుంచి పన్నెండు దాకా నాకు కాల్స్ ఉంటాయి, అప్పుడు ఎత్తలేను, పన్నెండు దాటగానే చేస్తాను. మిగతా టైమంతా, రాత్రి రెండింటికైనా, ఫోన్ సైలెంట్‌లో ఉండదు. ‘రా’ అంటే వస్తా. సాయంత్రం ఆరు తర్వాత సిల్క్ బోర్డు దాటి బెళ్లందూరు చేరేసరికి గంటన్నర పడుతుంది, రాత్రి పదిన్నర దాటితే అరగంట. వచ్చాక మాట్లాడుకోవాలనేం లేదు. నువ్వు పడుకో, నేను హాల్లో లాప్‌టాప్ పెట్టుకుని నా పని చేసుకుంటా. ‘వద్దు’ అన్నా నొచ్చుకోను. రోజుకోసారి రాత్రి తొమ్మిదికి ఒక చుక్క పంపిస్తా, నువ్వూ ఒక చుక్క పెట్టు. పెట్టకపోతే పదికి ఫోన్ చేస్తా, అదీ ఎత్తకపోతే కిందకి వచ్చి సెక్యూరిటీ ఆయన్ని పైకి పంపిస్తా. ముందే చెబుతున్నా, అప్పుడు తిట్టకు.

ఇంకొకటి సూటిగా అడుగుతాను, కంగారు పడకు. చచ్చిపోవాలనో, లేకుండా పోతే బాగుండనో ఆలోచన వస్తోందా? వస్తే ఏ గంటైనా నాకు చెప్పు. నేను బెంబేలెత్తను, మీ ఇంట్లో వాళ్లకి వెంటనే ఫోన్లు కొట్టను, ముందు నీ దగ్గరికి వస్తాను. మనకు తెలిసిన మనిషితో చెప్పలేం అనిపిస్తే 14416 ఉంది, టెలీ మానస్. ప్రభుత్వానిది, డబ్బు కట్టక్కర్లేదు, రోజంతా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. అంతదాకా రాకపోయినా, రెండు మూడు వారాలైనా నిద్ర, తిండి దారికి రాకపోతే మా బీటీఎంలోనే నిమ్హాన్స్ వాళ్ల వెల్‌బీయింగ్ సెంటర్ ఉంది. అపాయింట్‌మెంట్ నేను తీసుకుంటా, బయట బెంచీ మీద కూర్చుంటా.

ఒంగోలు వెళ్లాలనిపిస్తే శేషాద్రి ఎక్స్‌ప్రెస్‌కి మామూలు రిజర్వేషన్ చేయిస్తాను, తత్కాల్ వద్దు. తత్కాల్‌లో కన్ఫర్మ్ అయ్యాక మనసు మార్చుకుంటే రూపాయి కూడా వెనక్కి రాదు, ఈ వారం నీ మనసు నాలుగుసార్లు మారినా మారుతుంది. వెళ్లకపోతే శనివారం పొద్దున ఏడింటికి మీ గేటు దగ్గర ఉంటాను. లాల్‌బాగ్‌లో ఒక చుట్టు నడిచి ఇడ్లీ తినొద్దాం. దిగితే దిగు. ఏడుంపావు దాకా చూసి, రాకపోతే ఇడ్లీ పార్సిల్ గేటు దగ్గరే ఇచ్చి వెళ్తా.

లత