పదో తరగతి భౌతికశాస్త్రం: ఉపకరణాల పట్టిక నుంచి విద్యుత్ బిల్లు లెక్క

ఇంటి ఉపకరణాల పట్టిక ఉన్న వర్క్‌షీట్ ఫొటో పంపి, నీ లెక్కలో మొత్తం ఎందుకంత పెద్దదిగా వచ్చిందని అడిగావు. ఆ ఫొటోలో కాగితం మడత ఫ్రిజ్ వరుస మీద పడినా 150 వాట్లు, 8 గంటలు అన్న అంకెలు చదవగలిగాను. గీజరు వరుసలో మాత్రం వాడకం 15 నిమిషాలని ఉంది. నువ్వు దాన్ని 15 గంటలుగా తీసుకున్నందువల్లే మొత్తం అంత పెద్దదిగా వచ్చింది. వాట్లను గంటలతో గుణిస్తేనే వాట్-గంటలు వస్తాయి కనుక నిమిషాలను ముందుగా 60తో భాగించాలి. 15 నిమిషాలంటే 0.25 గంట.

| ఉపకరణం | సంఖ్య | వాట్లు | రోజుకు గంటలు | వాట్-గంటలు |
|---|---|---|---|---|
| ఎల్‌ఈడీ బల్బు | 5 | 9 | 6 | 270 |
| సీలింగ్ ఫ్యాను | 3 | 75 | 10 | 2250 |
| టీవీ | 1 | 100 | 4 | 400 |
| ఫ్రిజ్ | 1 | 150 | 8 | 1200 |
| ఇస్త్రీ పెట్టె | 1 | 1000 | 0.5 | 500 |
| గీజరు | 1 | 2000 | 0.25 | 500 |

1. నెలకు ఎన్ని యూనిట్లు?

చివరి నిలువు వరుసలోని విలువలన్నీ కూడితే రోజుకు 5120 వాట్-గంటలు, అంటే 5.12 యూనిట్లు. ఒక యూనిట్ అంటే ఒక కిలోవాట్-గంట, 3.6 × 10⁶ జౌళ్లు. 30 రోజులకు 5.12 × 30 = 153.6 యూనిట్లు.

పట్టికలో అన్నిటికంటే ఎక్కువ సామర్థ్యం గీజరుదే అయినా, ఎక్కువ విద్యుత్తు తీసుకుంటున్నవి ఫ్యాన్లు. సామర్థ్యానికీ వినియోగమైన శక్తికీ ఉన్న ఈ తేడాను గమనించాలనే ఈ ప్రశ్న ఇచ్చారని నా అభిప్రాయం.

2. బిల్లు ఎంత?

వర్క్‌షీట్ ప్రకారం మొదటి 100 యూనిట్లకు యూనిట్‌కు రూ. 3.40, 101 నుంచి 200 వరకు రూ. 4.80, స్థిర ఛార్జీలు, సుంకం లెక్కలోకి తీసుకోనక్కర్లేదు. వినియోగం 100 దాటగానే యూనిట్లన్నిటికీ రూ. 4.80 వేయకూడదు. ఈ వర్క్‌షీట్‌లో ఒక్కో శ్లాబు రేటు ఆ శ్లాబులో పడిన యూనిట్లకే వర్తిస్తుంది.

100 × 3.40 = రూ. 340.00
53.6 × 4.80 = రూ. 257.28
మొత్తం = రూ. 597.28

అన్నిటికీ పై రేటే వేస్తే రూ. 737.28 వస్తుంది. మొదటి 100 యూనిట్ల మీద యూనిట్‌కు రూ. 1.40 చొప్పున అదనంగా పడే రూ. 140 ఆ తేడాకు కారణం.

3. మూడు ఫ్యాన్లకు బదులు 28 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు పెడితే బిల్లు ఎంత?

ఒక్కో ఫ్యానుకు 47 వాట్లు తగ్గుతాయి. 3 × 47 × 10 = 1410 వాట్-గంటలు, నెలకు 42.3 యూనిట్లు ఆదా. కొత్త వినియోగం 153.6 − 42.3 = 111.3 యూనిట్లు. ఇది ఇంకా 100కు పైనే ఉంది కాబట్టి, తగ్గిన యూనిట్లన్నీ రూ. 4.80 శ్లాబులోనివే: 42.3 × 4.80 = రూ. 203.04. కొత్త బిల్లు 597.28 − 203.04 = రూ. 394.24. సరిచూసుకోవడానికి 340 + (11.3 × 4.80) చేసి చూడు, అదే విలువ వస్తుంది.