అద్దె కవరు, చీర కొంగు: 'ది థర్డ్ అండ్ ఫైనల్ కాంటినెంట్' కథలో ప్రవాసం, సొంతమనే భావన

ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో పుట్టినవాళ్లకు వలస అనే మాటను ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. కోస్గి, నారాయణపేట దిక్కు నుంచి బొంబాయికి బస్సులెక్కినవాళ్లు లేని ఊరు అరుదు. మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు తీసుకొని, ఇంటికి తాళమేసి, ముసలివాళ్లను ఊళ్లో విడిచి వెళ్లిన కుటుంబాల్లో మాదీ ఒకటి. అందుకే అమెరికన్ రచయిత్రి ఝుంపా లాహిరి కథ 'ది థర్డ్ అండ్ ఫైనల్ కాంటినెంట్' మొదటిసారి చదివినప్పుడు ఇంటి మీద బెంగ కోసం వెతికాను. అది నాకు దాదాపు దొరకలేదు. ఎందుకు దొరకలేదన్నదే ఈ వ్యాసానికి మొదలు.

ఈ కథ 1999లో వచ్చిన లాహిరి తొలి సంపుటిలో చివరిది. ఆ సంపుటికి 2000లో పులిట్జర్ బహుమతి వచ్చింది. కథ చెప్పే బెంగాలీ యువకుడికి పేరుండదు. 1964లో కామర్స్ సర్టిఫికెట్‌తో, పది డాలర్లకు సమానమైన సొమ్ముతో ఓడెక్కి లండన్ చేరతాడు. 1969లో అమెరికాలోని కేంబ్రిడ్జ్ నగరంలో ఒక గ్రంథాలయంలో ఉద్యోగం వస్తుంది. వెళ్లేముందు కలకత్తాలో పెళ్లి చేసుకుంటాడు. మనిషి చంద్రుడి మీద దిగిన రోజునే ఇతను అమెరికాలో దిగుతాడు. భార్య మాల వచ్చేదాకా నూటమూడేళ్ల మిసెస్ క్రాఫ్ట్ ఇంట్లో వారానికి ఎనిమిది డాలర్ల అద్దెకు ఉంటాడు.

ప్రవాస సమూహాలకు వాడే డయాస్పోరా అనే మాటకు గ్రీకు మూలంలో అర్థం చెదరగొట్టబడటం. రాజనీతి శాస్త్రవేత్త విలియం సఫ్రాన్ 1991లో దానికి కొన్ని లక్షణాలు చెప్పాడు: స్వస్థలం గురించిన జ్ఞాపకం, ఎప్పటికైనా తిరిగి వెళ్లాలన్న ఆశ, ఉంటున్న దేశం తమను పూర్తిగా ఒప్పుకోదన్న నమ్మకం. ఈ కొలతతో చూస్తే మన కథానాయకుడు ప్రవాసి లెక్కలోకే సరిగా రాడు. అతను కలకత్తా కోసం కలవరించడు. తిరిగి పోవాలనీ అనుకోడు. సామాజిక శాస్త్రవేత్త అవతార్ బ్రా 1996లో రాసిన పుస్తకంలోని మాట ఇక్కడ ఎక్కువ పనికొస్తుంది. ఇల్లు కావాలన్న ఆరాటం, పుట్టిన ఊరికి తిరిగి పోవాలన్న కోరిక ఒకటి కావు అంటుందామె. ఆ ఆరాటం ఈ కథలో ఎక్కడ తీరిందన్నదే నేను అడిగే ప్రశ్న.

లండన్‌లో తీరలేదు. ఇది గమనించాల్సిన విషయం. ఫిన్స్‌బరీ పార్క్ ఇంట్లో అందరూ బెంగాలీ బ్రహ్మచారులే. ఒక్కో గదిలో ముగ్గురు నలుగురు. పేపర్లు పరిచిన బల్ల మీద కోడిగుడ్డు కూర చేత్తో కలుపుకొని తింటారు. మనోళ్లు, మన భాష, మన తిండి అన్నీ ఉన్నాయి. అయినా ఎవరికో పెళ్లి కుదురుతుంది, అతను గది ఖాళీ చేస్తాడు. బొంబాయిలో మా తాత ఉన్న షెడ్డూ ఇట్లాంటిదే. రేకుల కింద పది మంది, అందరూ పాలమూరోళ్లే, పని అయిపోయిన రోజు షెడ్డు కూడా అయిపోయేది. మనవాళ్ల మధ్య ఉండటమే సొంతమైన చోట ఉండటం అనుకుంటాం. లాహిరి ఆ నమ్మకాన్ని నెమ్మదిగా పక్కన పెట్టి, ఇతన్ని ఒక పరాయి ముసలమ్మ ఇంట్లోకి పంపింది.

అక్కడ అద్దె కవరు ఘట్టం ఉంది. కథ మొత్తానికి ఇదే ఇరుసు అని నా అభిప్రాయం. అద్దెను పియానో మీద పెట్టమని చెప్పినా, అతను దాన్ని మిసెస్ క్రాఫ్ట్ చేతికే ఇస్తాడు. ఆమె పొద్దుపోయేదాకా ఆ కవరు పట్టుకొనే కూర్చుంటుంది. ఎంత దయ అంటుంది. అమెరికా జెండా చంద్రుడి మీద ఉందని రోజూ చెబుతుంది, అతను రోజూ అద్భుతం అనాలి. మొదట ఇబ్బంది పడతాడు, తర్వాత అది అలవాటవుతుంది. ఆమె వయసు తెలిశాక, పడుకునే ముందు కిందికి దిగి ఆమె బాగానే ఉందో లేదో చూసుకుంటాడు. ఆమె కోసం అతను చేయగలిగింది చాలా తక్కువ, కొడుకు కాదు కనుక. కానీ ఆ కొంచెమే అతన్ని ఆ ఊరికి కడుతుంది.

దీని వెనక ఇంకో జ్ఞాపకం ఉంది. కథానాయకుడి తండ్రి పోయాక తల్లికి మతి చలించింది. ఆమె చనిపోయినప్పుడు, దహనానికి ముందు, ఆమె గోళ్లను హెయిర్‌పిన్నుతో ఒక్కొక్కటిగా శుభ్రం చేసింది ఇతనే. అన్న తట్టుకోలేకపోతే నిప్పు పెట్టింది కూడా ఇతనే. వైధవ్యం తన తల్లిని ఏం చేసిందో చూసినవాడు, భర్త పోయాక పియానో పాఠాలు చెప్పి పిల్లల్ని పెంచిన ఇంకో విధవరాలి ముందు కూర్చున్నాడు. అతను మోసుకొచ్చింది కలకత్తాను కాదు, కొడుకుగా తీరని పనిని. చాలామంది ఈ కథను చంద్రుడి పోలికతోనే వివరిస్తారు. నాకు ఆ గోళ్ల వాక్యమే పెద్దదిగా కనబడింది.

మాల విషయంలోనూ ఇదే వరస. ఆమె రాకముందు వీధిలో ఒక భారతీయ స్త్రీ చీర కొంగును కుక్క పట్టి లాగడం చూస్తాడు. ఇకమీదట ఇట్లాంటివి చూసుకోవాల్సింది తనేనని అప్పుడే తోస్తుంది. అప్పటికి ప్రేమ ఇంకా పుట్టనే లేదు, బాధ్యత మాత్రం వచ్చేసింది. తర్వాత మిసెస్ క్రాఫ్ట్ మాలను పైనుంచి కిందికి పరికించి చూస్తుంటే, లండన్‌లో తన మొదటి రోజులు గుర్తొస్తాయి. ఆ ముసలమ్మ 'పర్ఫెక్ట్ లేడీ' అని తీర్పు చెప్పాక, ఆలుమగలు మొదటిసారి ఒకర్నొకరు చూసి నవ్వుకుంటారు. ఆమె 1866లో పుట్టిన మనిషి. బతుకు చివరి అంచున ఉన్నామె వీళ్లిద్దరినీ దగ్గర చేసింది. తర్వాత ఆమె మరణవార్త పత్రికలో చదివి అతను కలత పడతాడు. అమెరికాలో అతను దుఃఖించిన మొదటి చావు అదే. ఒక ఊరు మనదయిందనడానికి, అక్కడ మనం ఏడ్చే చావు ఉండటం కంటే బలమైన ఆనవాలు నాకు కనబడలేదు.

కథ మీద నాకొక ఫిర్యాదు ఉంది. మాల ఏమనుకుందో మనకు భర్త నోటి నుంచే తెలుస్తుంది. పెళ్లయిన కొత్తలో ఆమె రాత్రుళ్లు ఏడ్చిందని అతను చెబుతాడు, దగ్గరికి వెళ్లి ఊరడించలేదనీ ఒప్పుకుంటాడు. కేంబ్రిడ్జ్‌లో ఆమె మొదటి పొద్దును ఆమె మాటల్లోనే వినాలనిపిస్తుంది. ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఇతనికి చేతిలో ఉద్యోగం, అమెరికాలో ఉండే హక్కు ఉన్నాయి. 1965 నాటి వలస చట్టం అమెరికా తలుపు తెరిచింది చదువుకున్నవాళ్లకే ఎక్కువగా. అడ్వాన్సు తీర్చేదాకా కదలలేని పాలమూరు కూలీకి, ఉన్నచోట మనసు కుదుర్చుకునే వెసులుబాటే లేదు. ఆ తేడాను మరిచి రెండిటినీ ఒకే వలస అంటే అన్యాయం అవుతుంది.

అయినా ఒకచోట రెండూ కలుస్తాయి. మా నాయనమ్మ బొంబాయిలో పదకొండేళ్లు పనిచేసింది. ఏ భవనం కట్టారో ఆమెకు గుర్తులేదు. కానీ షెడ్డు పక్క చాల్‌లో నడవలేని ఒక మరాఠీ ముసలమ్మకు రోజూ బిందెడు నీళ్లు పోసేది. ఈ వ్యాసం రాస్తూ బొంబాయి గురించి అడిగితే, ఆమె చెప్పింది ఆ ఒక్కటే. "ఆమె మాట నాకు రాకపోతుండె, నా మాట ఆమెకు రాకపోతుండె. నీళ్లు పోసి జరసేపు కూసుంటుంటి. ఉన్నదో పోయిందో బిడ్డా, ఎవరు చెప్పాలె?"

కథ చివర మాల తల మీద కొంగు కప్పుకోదు. అమ్మానాన్నల కోసం ఏడవదు. హార్వర్డ్‌లో చదివే కొడుకు కోసం అప్పుడప్పుడు ఏడుస్తుంది. వాడిని ఇంటికి తీసుకొచ్చి, చేత్తో అన్నం కలుపుకొని తిననిస్తారు, బెంగాలీలో మాట్లాడతారు. తాము పోయాక వాడు ఈ రెండూ మానేస్తాడేమోనని ఇద్దరికీ దిగులు.